రంగు గడిలో నీలం, వివరణలో ఆకుపచ్చ: రెండింటిలో ఏది దిద్దాలి?

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. వెంకటగిరి కాటన్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఒక్కో డిజైన్‌కి నాలుగైదు రంగులు ఉంటాయి. గూగుల్ షీట్స్‌లో ఒక్కో చీరకి ఒక వరస: కోడు, బ్రాండు, రంగు, పొడవు, చివర్లో వివరణ. ఈ షీటే సైట్లకి ఎక్కుతుంది. కొన్ని చీరలకి రంగు గడిలో ఒకటి, వివరణలో ఇంకొకటి ఉండాయి. పొడవు కూడా ఒకచోట 5.5, ఇంకోచోట 6.3. "చెప్పింది ఒకటి, పంపింది ఒకటి" అని చీరలు వెనక్కి వస్తున్నాయి. ఉదాహరణకి ఈ వరస చూడండి.

కోడు VG-114. రంగు గడిలో నీలం. పొడవు గడిలో 5.5. వివరణ ఇది: "ముదురు ఆకుపచ్చ బాడీ మీద బంగారు జరీ బుటా, ఎర్రటి అంచు, కొంగు. 6.3 మీటర్లు. పసుపు కుంకుమలతో పెట్టడానికి చక్కగా ఉంటుంది. వేరే రంగులు వస్తే తెలుపుతాం."

గడిని నమ్మి వివరణ దిద్దాలా, వివరణని నమ్మి గడి దిద్దాలా? అన్నీ ఒకేసారి పట్టుకునే దారి ఏదైనా ఉందా?

కావలి కీవర్డ్

అన్నా, వివరణలో ఎన్ని రంగుల పేర్లు ఉంటే సెర్చ్‌లో అన్నిసార్లు కనపడతాం. నీలం, బ్లూ, ఆకాశనీలం, ఆకుపచ్చ, గ్రీన్ అన్నీ కింద ఒక వరసలో పెట్టెయ్యండి. ఎవరు ఏ రంగు వెతికినా మీ చీర వస్తుంది.

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

నేను అడిగింది కనపడటం గురించి కాదు తమ్ముడూ. ఆకుపచ్చ కోసం వెతికినామె నీలం చీర చూసి, వివరణలో ఆకుపచ్చ అని చదివి కొనింది. తిరిగొచ్చిన చీరకి రానూ పోనూ కొరియర్ మాదే.

కనిగిరి కిట్టు

చాలా సులువు. వివరణలో రంగు, కొలత, బ్రాండు అనే మాటే రానీయకండి. అవి గడుల్లోనే ఉంటాయి, సైటు వాటిని ఎట్టాగూ చూపిస్తుంది. వివరణలో నేత, బుటా, ఏ సందర్భానికి కడతారు, ఎట్టా ఉతకాలి, ఇంతే. ఒక్కచోటే రాస్తే రెండోచోట తప్పే అవకాశమే లేదు.

దర్గామిట్ట రమణి

కిట్టు చెప్పింది సగం నిజం. కొలతకి ఆ పద్ధతి బాగుంటుంది. రంగుకి చాలదు. "నెమలి కంఠం రంగు చీర" అని వెతికేవాళ్లు ఉంటారు, ఆ మాట గడిలో పట్టదు. ఫోనులో గడులన్నీ కింద ముడిచి ఉంటాయి, చాలామంది వివరణ చదివే కొంటారు. రంగు మాటే లేకపోతే ఫొటో మీద ఆధారపడతారు, ఫొటోలో నీలం వెలుతురుని బట్టి మారుతుంది.

అసలు ప్రశ్నకి వస్తాను. గడినీ నమ్మొద్దు, వివరణనీ నమ్మొద్దు. ఆ కోడు చీర కట్ట తీసి, దాని మీద చీటీ, చీర రెండూ చూసి రాయండి. మీ వరస చూస్తే తప్పు ఎట్టా వచ్చిందో అర్థమవుతుంది. డిజైన్‌లో మొదటి రంగు ఆకుపచ్చ అయి ఉంటుంది. దానికి వివరణ రాశారు. తర్వాత ఆ వరసని కాపీ చేసి నీలం, మెరూన్, వంకాయ రంగు వరసలు చేశారు. గడిలో రంగు మార్చారు, వివరణలో మార్చడం మర్చిపోయారు. ఈ రకం తప్పుల్లో ఎక్కువగా గడి సరిగ్గా ఉంటుంది, వివరణ పాతది. కానీ ఎవరో హడావుడిలో గడి మార్చకుండా వివరణ మార్చిన వరసలూ ఉంటాయి. అందుకే "గడి ప్రకారం అన్నీ దిద్దెయ్" అనే పని చెయ్యొద్దు.

ఒక పరీక్ష చేసుకోండి. అనుమానం ఉన్న వరస పక్కనే అదే డిజైన్‌లో మొదటి వరస వివరణ పెట్టి చూడండి. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే అది కాపీ తప్పే.

ఇక అన్నీ ఒకేసారి పట్టుకునే దారి. ముందు రంగుని మూడు గడులు చెయ్యండి: C బాడీ, D అంచు, E కొంగు. చీరకి ఒకే రంగు గడి పెట్టడమే సగం గొడవకి మూలం. వివరణలో ఎర్రటి అంచు అని నిజమే రాసినా, గడిలో నీలం మాత్రమే ఉంటే అది తప్పులాగే కనపడుతుంది. F చీర పొడవు మీటర్లలో, G జాకెట్టు ముక్క సెంటీమీటర్లలో. ఈ రెండు గడుల్లో అంకె తప్ప ఇంకేమీ ఉండకూడదు, "మీ." అనేది పైన శీర్షికలో ఉంటే చాలు. H వివరణ.

I గడిలో వివరణని శుభ్రం చేసుకోవాలి. తెలుగు టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పెడతాయి. రెండు మాటలు చూడటానికి ఒకటే, షీటుకి మాత్రం వేరు. దాన్ని తీసెయ్యాలి:

```
=SUBSTITUTE(SUBSTITUTE(H2, UNICHAR(8204), ""), UNICHAR(160), " ")
```

రెండో భాగం వాట్సాప్ నుంచో వెబ్ పేజీ నుంచో అతికించినప్పుడు వచ్చే వేరే రకం ఖాళీని మామూలు ఖాళీ చేస్తుంది.

తర్వాత `colors` అని ఇంకో షీటు. A లో వివరణలో దొరికే మాట, B లో గడిలో మీరు రాసే పేరు. ఇప్పుడు J లో ఇది:

```
=IFERROR(TEXTJOIN(", ", TRUE, UNIQUE(FILTER(
  colors!$B$2:$B$40,
  REGEXMATCH($I2, colors!$A$2:$A$40),
  COUNTIF($C2:$E2, colors!$B$2:$B$40)=0))), "")
```

వివరణలో ఉండి, మూడు రంగు గడుల్లో దేంట్లోనూ లేని రంగుని ఇది బయటపెడుతుంది. J ఖాళీగా ఉంటే గొడవ లేదు. `colors` లో చివరి మాట ఏ వరసలో ఉంటే 40 బదులు ఆ వరస అంకె వెయ్యండి, మధ్యలో ఖాళీ గడి వదలొద్దు. ఖాళీ గడి ఏ వాక్యంతోనైనా కలిసినట్టే లెక్క.

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

అక్కా, పెట్టి చూశాను. C నీలం, D ఎరుపు, E ఎరుపు అని రాశాను. `colors` లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పచ్చ, పసుపు, తెలుపు అని మామూలుగా మాటలు పెట్టాను. VG-114 కి J లో "ఆకుపచ్చ, పచ్చ, పసుపు, తెలుపు" అని నాలుగు వచ్చాయి. చీరలో పసుపూ లేదు, తెలుపూ లేదు. ఇంకో వరసలో "ఎర్రని అంచు" అని ఉంది, గడిలో నేను ఎరుపు రాయడం మర్చిపోయాను, దాన్ని మాత్రం పట్టుకోలేదు.

దర్గామిట్ట రమణి

నాలుగూ వాక్యంలోనే ఉండాయి చూడండి. పసుపు వచ్చింది "పసుపు కుంకుమల" నుంచి. తెలుపు వచ్చింది "తెలుపుతాం" నుంచి. పచ్చ వచ్చింది ఆకుపచ్చ లోపల నుంచి. నాలుగింటిలో నిజమైన తప్పు ఆకుపచ్చ ఒక్కటే. ఎర్రని అంచు దొరకకపోవడానికి కారణం తెలుగులో రంగు మాట రూపం మార్చుకోవడం: ఎరుపు, ఎర్ర, ఎర్రని, ఎర్రటి. నలుపు నల్లని అవుతుంది, తెలుపు తెల్లని అవుతుంది, నీలం నీలి అవుతుంది. అందుకే A లో ఒక్క మాట కాదు, అన్ని రూపాలూ రాయాలి:

```
ఎరుపు|ఎర్ర                      ఎరుపు
నీలం|నీలి|నీలపు                 నీలం
ఆకుపచ్చ|చిలకపచ్చ               ఆకుపచ్చ
(^|[\s,])పచ్చ                  పచ్చ-తేల్చాలి
పసుపు\s*(రంగు|అంచు|బాడీ|కొంగు)         పసుపు
తెల్ల|తెలుపు($|[\s,.])           తెలుపు
```

ఎడమవైపుది A, కుడివైపుది B. మాట అంచుని పట్టుకోవడానికి ఇంగ్లీషులో వాడే `\b` ఇక్కడ వాడకండి. షీట్స్‌లో అది ఇంగ్లీషు అక్షరాల అంచునే గుర్తిస్తుంది, తెలుగు మాటకి పనిచెయ్యదు. అందుకే తెలుపు తర్వాత ఖాళీనో కామానో చుక్కనో ఉండాలి అని విడిగా రాశాను.

"పచ్చ" సంగతి వేరే చెప్పాలి. ఒకరికి పచ్చ చీర అంటే ఆకుపచ్చ, ఇంకొకరికి పసుపుపచ్చ. ఒట్టి "పచ్చ" అని వివరణలో ఉంటే షీటు తేల్చలేదు, మనిషే తేల్చాలి. అందుకే B లో ఏ గడిలోనూ ఉండని పేరు పెట్టాను. ఆ మాట ఎక్కడ దొరికినా J లో కనపడుతుంది, మీరు చీర చూసి ఆకుపచ్చ అనో పసుపు అనో మార్చాలి.

బంగారు, వెండి ఈ పట్టికలో పెట్టకండి. అవి జరీకి చెందిన మాటలు, జరీకి వేరే గడి పెట్టుకోండి.

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

ఇప్పుడు VG-114 కి "ఆకుపచ్చ" ఒక్కటే వచ్చింది. కట్ట తీసి చూశాను, చీర నీలమే. అదే డిజైన్‌లో మొదటి వరస వివరణ కూడా చూశాను, ఒక్క అక్షరం తేడా లేదు. మీరు చెప్పినట్టు కాపీ తప్పే.

ఒంగోలు పిల్లల బట్టలు

మా దగ్గర రంగుతో ఇంత ఇబ్బంది లేదు, సైజుతో ఉంది. గడిలో 22 అని ఉంటుంది, వివరణలో "4-5 ఏళ్ల పిల్లలకి" అని ఉంటుంది. ఇంకో కంపెనీ సరుకులో అదే 22 కి వేరే వయసు. దేన్ని పట్టుకోవాలి? రంగుకి చెప్పినట్టు దీనికీ ఒక పట్టిక పెడితే సరిపోతుందా?

దర్గామిట్ట రమణి

సరిపోదు. రంగు పట్టిక ఏ చీరకైనా ఒకటే. సైజు పట్టిక కంపెనీకొకటి. A లో సైజు ఒక్కటే కాకుండా బ్రాండు, సైజు కలిపి ఒక మాట చేసుకుని, B లో వయసు పెట్టుకోవాలి. ఆ వయసు ఆ కంపెనీ చార్టులోంచే రావాలి, అంచనాగా రాయొద్దు. బ్రాండు గడి తప్పయితే వయసూ తప్పే వస్తుంది, అందుకని మీరు ముందు బ్రాండు గడి సరిచూసుకోవాలి. వీలైతే వయసు కన్నా ఛాతీ కొలత, పొడవు రాయండి, టేపుతో కొలిస్తే వాదన ఉండదు.

చీర పొడవు సంగతి ఇందాక వదిలేశాను. VG-114 లో 5.5, 6.3 రెండూ నిజాలే. 5.5 మీటర్ల చీర, 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కలిపితే 6.3. కానీ చదివినామె 6.3 మీటర్ల చీర, జాకెట్టు వేరే అనుకుంటుంది. అందుకని మొత్తం అంకె వివరణలో ఎక్కడా రాయొద్దు. ఉన్నవాటిని పట్టుకోవడానికి K గడి:

```
=IFERROR(VALUE(REGEXEXTRACT($I2, "([0-9]+\.?[0-9]*)\s*మీ")), "")
```

వివరణలో "మీటర్లు"కి ముందున్న అంకె వస్తుంది. అది F తో సమానమైతే సరే. `F2+G2/100` తో సమానమైతే మొత్తం రాశారని అర్థం, మార్చండి. రెండింటికీ కాకపోతే టేపు తియ్యాల్సిందే. సమానమా కాదా అని చూసేటప్పుడు రెండు పక్కలా `ROUND(..., 2)` పెట్టండి, లేకపోతే 6.3 కి 6.3 సమానం కాదని షీటు అనొచ్చు. వివరణలో గజాలు ఉంటే ఇది పట్టుకోదు. 6 గజాలు అంటే 5.49 మీటర్లు, అంటే మీ 5.5 చీరే.

ములాపేట వెంకట్

అక్కా, మీ రంగు సూత్రంలో ఒక కన్నం ఉంది. గడుల్లో బాడీ నీలం, అంచు ఎరుపు. వివరణలో "ఎర్రటి చీర, నీలి అంచు" అని తారుమారుగా రాస్తే? రెండు రంగులూ గడుల్లో ఉండాయి కాబట్టి J ఖాళీగానే ఉంటుంది. అసలు తిరిగొచ్చే చీర అదే కదా.

దర్గామిట్ట రమణి

నిజం, ఆ తప్పుని అది పట్టుకోదు. రంగు ఉందా లేదా అనేది చూస్తుంది, ఎక్కడ ఉంది అనేది చూడదు. అంచుకి ముందున్న మాటని విడిగా లాగొచ్చు:

```
=IFERROR(REGEXEXTRACT($I2, "(\S+)\s+(?:రంగు\s+)?అంచు"), "")
```

VG-114 లో దీనికి "ఎర్రటి" వస్తుంది. ఆ మాటని D తో పోల్చుకోవాలి. కానీ "అంచు నీలంలో" అని రాస్తే దొరకదు, "పెద్ద అంచు" అని రాస్తే "పెద్ద" వస్తుంది. కాబట్టి దీన్ని కంటికి సాయంగానే వాడండి. రెండు మూడు రంగులున్న చీరలకి నా నమ్మకం చీర చూడటం మీదే.

కనిగిరి కిట్టు

ఇంత వెతుకులాట ఎందుకక్కా? వివరణ మొదటి వాక్యాన్ని గడుల నుంచే కట్టేస్తే పోయె కదా. మనిషి రాసేది రెండో వాక్యం నుంచి.

```
="బాడీ "&C2&" రంగు, అంచు "&D2&" రంగు, కొంగు "&E2&" రంగు. చీర "&TEXT(F2,"0.0")&" మీటర్లు, జాకెట్టు ముక్క "&G2&" సెం.మీ."
```

"రంగు" అనే మాట తగిలిస్తే ఎరుపు ఎర్రని అవ్వాల్సిన పని కూడా లేదు. గడి మారితే వాక్యం మారుతుంది. ఇక తేడా అనేదే రాదు.

దర్గామిట్ట రమణి

ఈ వాక్యం బాగుంది, కొత్త సరుక్కి నేనూ ఇట్టాగే చెయ్యమంటాను. కానీ పాత వరసల మీద ఇప్పుడే వెయ్యొద్దు. గడిలో తప్పు ఉంటే వాక్యం కూడా అదే తప్పుని చెబుతుంది. ఇప్పటిదాకా గడికీ వివరణకీ తేడా ఉండబట్టే VG-114 మన కంటపడింది. రెండూ ఒకే నోటితో మాట్లాడటం మొదలయ్యాక ఆ తేడా కనపడదు, నీలం గడిలో ఆకుపచ్చ చీర ఉన్నా షీటంతా శుభ్రంగా కనపడుతుంది, చీర వెనక్కి వచ్చేదాకా తెలియదు.

అందుకని వరస ఇది. ముందు J, K లలో కనపడినవన్నీ చీర చూసి తేల్చండి. J ఖాళీగా ఉన్నవాటిలో కూడా డిజైన్‌కి ఒకటి చొప్పున కట్ట తీసి చూడండి. ఆ తర్వాత కిట్టు వాక్యం పెట్టండి. కొత్త సరుకు ఎక్కించేటప్పుడు రంగు గడి రాసినవాళ్లు కాక ఇంకొకరు ఫొటో పక్కన పెట్టుకుని C, D, E చదవాలి. కాపీ చేసిన వరసలో C, D, E ముందు ఖాళీ చేసి అప్పుడు నింపండి. ఖాళీ గడి కంటికి కనపడుతుంది, పాత రంగు కనపడదు.

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

అర్థమైంది. బ్రాండు గడి ఒకటి మిగిలింది. మేము "వెంకటగిరి" అని రాస్తున్నాం. వివరణలో "నెల్లూరు జిల్లా వెంకటగిరి నేత" అని ఉంది. కొన్నింటికి "జనరిక్" అని పెట్టాం. తప్పా?

ములాపేట వెంకట్

వెంకటగిరి అనేది ఊరి పేరు, భౌగోళిక గుర్తింపు ఉన్న నేత పేరు. అది మీ బ్రాండు కాదు, ఏ ఒక్క షాపు సొంతమూ కాదు. మీ షాపు పేరుతో లేబుల్ కుట్టి అమ్ముతుంటే బ్రాండు గడిలో ఆ పేరు, లేబుల్ మీద ఎట్టా ఉందో అట్టాగే. వెంకటగిరి అనేది చీర రకం గడిలోకి, టైటిల్‌లోకి. గూగుల్ షాపింగ్‌కి పంపుతుంటే `brand` లో "జనరిక్" లాంటి మాట వాళ్లు వద్దంటారు. బ్రాండు, బార్‌కోడు ఏవీ లేని చేనేతకి `identifier_exists` అనే గడిలో `no` పెట్టాలి. `color` లో మూడు రంగుల వరకు ఏటవాలు గీతతో విడదీసి ఇవ్వొచ్చు, ముఖ్యమైనది ముందు. మీ C, D లనుంచి "నీలం/ఎరుపు" అని కట్టుకోవచ్చు. "మల్టీకలర్" అని రాస్తే ఒప్పుకోరు.

జిల్లా కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అట్టాగే మన ప్రకాశం చీరాల బాపట్లలోకి వెళ్లింది. ఊరి పేరు ఒక్కటే రాస్తే ఈ తలనొప్పి ఉండదు.

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

జిల్లా పేరు తీసేస్తాను. ఇంకొక్క మాట. నెమలి కంఠం రంగు చీరకి C లో ఏం రాయాలి? మా ఇంట్లోనే ఇద్దరు నీలం అంటున్నారు, ఒకరు ఆకుపచ్చ అంటున్నారు.

కనిగిరి కిట్టు

నీలం. నెమలి మెడ నీలమే కదా.

ములాపేట వెంకట్

నేను ఒప్పుకోను. నెమలి కంఠంలో రెండు రంగుల నూలు ఉంటుంది, పడుగు ఒకటి, పేక ఒకటి. ఎండలో ఒక పక్క నుంచి నీలం, ఇంకో పక్క నుంచి ఆకుపచ్చ. ఏ ఒక్కటి రాసినా సగం మందికి తప్పే. వివరణలో "పడుగు నీలం, పేక ఆకుపచ్చ, తిప్పితే రంగు మారుతుంది" అని రాసి, C లో రెండూ పెట్టండి.

దర్గామిట్ట రమణి

రెండూ పెడితే వడపోతలో నీలం నొక్కినవాళ్లకీ కనపడుతుంది, ఆకుపచ్చ నొక్కినవాళ్లకీ కనపడుతుంది, అది మంచిదే. కానీ C లో రెండు రంగులు ఉన్న గడి నా COUNTIF కి దొరకదు, అది గడి మొత్తాన్నే పోలుస్తుంది. అట్టాంటి చీరలకి "పేక రంగు" అని వేరే గడి తీసి, COUNTIF లో దాన్నీ చేర్చండి. సైటుకి పంపేటప్పుడు ఏది ముందు పెట్టాలనేది మాత్రం నాకూ తేలలేదు. నేనైతే కొంగు పరిచి తీసిన ఫొటోలో ఏ రంగు ఎక్కువ కనపడుతుందో దాన్ని ముందు రాస్తాను, వెంకట్ ఒప్పుకోడని తెలుసు.

ములాపేట వెంకట్

ఒప్పుకోను అక్కా. ఫొటో వెలుతురుని బట్టి మారుతుందని పైన మీరే రాశారు. పడుగు రంగు ముందు రాయండి, అది నేసినవాళ్లని అడిగితే చెప్తారు.

ట్రంక్‌రోడ్ చీరలు (నెల్లూరు)

ఈ వారం సరుకు తేవడానికి వెంకటగిరి పోతున్నాం. మగ్గం దగ్గరే ఒక్కో నెమలి కంఠం చీరకి పడుగు ఏది, పేక ఏది అని అడిగి కట్ట చీటీ మీద రాయిస్తాను. వచ్చాక ఆ రెండు గడులూ నింపి, J లో ఏమేం బయటపడ్డాయో ఇక్కడ పెడతాను.